త్యాగయ్య కీర్తనకు క్లెయిమ్ పడితే

మా బావమరిది అమలాపురంలో ఉంటాడు. కోనసీమ గుళ్లు, తీర్థాలు చూపిస్తూ యూట్యూబ్ ఛానల్ నడుపుతాడు. ప్రకటనల మీద నెలనెలా కొంత డబ్బు వస్తుంది. మొన్న సంక్రాంతి వెళ్లాక ఓ పొద్దున్నే ఫోన్ చేశాడు. "బావా, రెండు వీడియోలకి కాపీరైట్ పడింది. ఛానల్ పోతుందేమో, రెండూ తీసేయమంటావా?" అన్నాడు. గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది.

తీసేయవద్దన్నాను. వాడికి వచ్చింది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. పాటల హక్కులున్నవాళ్లు తమ రికార్డింగులను యూట్యూబ్ వారి కంటెంట్ ఐడీ అనే ఏర్పాటుకు ముందే ఇచ్చి ఉంచుతారు. మనం ఎక్కించిన ప్రతి వీడియోనూ యంత్రం వాటితో పోల్చి చూసి, పోలిక కనబడితే క్లెయిమ్ వేస్తుంది. దాంతో ఎక్కువసార్లు జరిగేది ఒక్కటే: ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళుతుంది. కొందరు హక్కుదారులు వీడియో కనబడకుండా ఆపమంటారు, కొందరు ఎంతమంది చూశారో లెక్క మాత్రం చూసుకుంటారు. ఏదైనా ఆ ఒక్క వీడియోకే. స్ట్రైక్ అలా కాదు. వీడియో తీసేయమని హక్కుదారు చట్టప్రకారం కోరితే వచ్చేది అది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు.

స్టూడియోలో వీడియో పక్కన కాపీరైట్ అని ఉన్నచోట `See details` నొక్కమన్నాను. ఏ పాట, ఎవరిది, వీడియోలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అన్నది అక్కడ కనిపిస్తుంది. ఆ ముక్క చెవిపెట్టి వినకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

మొదటిది జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో. ప్రభలు కదులుతుండగా పక్క దుకాణం మైకులో ఓ సినిమా భక్తి పాట మోగింది. నలభై సెకన్లు స్పష్టంగా రికార్డయింది. "నేను పెట్టలేదు కదా బావా, అదే పడింది" అన్నాడు. మనసుకు న్యాయంగానే తోస్తుంది గానీ చట్టం ఆ మాట ఒప్పుకోదు. నేపథ్యంలో యాదృచ్ఛికంగా వచ్చినవాటికి మన 1957 కాపీరైట్ చట్టం ఇచ్చే మినహాయింపు బొమ్మలు, శిల్పాల వంటి కళాకృతులకు, పాటలకు కాదు. పెళ్లిలోనూ పూజలోనూ పాట వేసుకోవడానికి వేరే మినహాయింపు ఉంది. అది ఆ వేడుక వరకే, దాన్ని తీసిన వీడియోను లోకానికి చూపడానికి వర్తించదు. పది సెకన్లలోపు అయితే ఫర్వాలేదనీ, కింద 'హక్కులు వారివే' అని రాస్తే చాలుననీ చెప్పుకునే మాటలకూ ఆధారం లేదు.

కాబట్టి ఆ క్లెయిమ్ న్యాయమైనది. దాని మీద వివాదం వేయడం తప్పు. స్టూడియోలోనే `Erase song` అనే వీలుంది. మాటలు, డప్పుల చప్పుడు ఉంచి పాటను మాత్రం తుడిచేయడానికి చూస్తుంది. కుదరకపోతే ఆ ముక్క శబ్దమంతా ఆపేయవచ్చు, లేదా కత్తిరించవచ్చు. వాడికి మొదటి పద్ధతిలోనే కుదిరింది. డప్పులు కాస్త పల్చబడ్డాయి గానీ క్లెయిమ్ తొలగిపోయింది, వీడియో సంపాదన మళ్లీ వాడికే.

రెండో వీడియో సంగతి వేరు. త్యాగరాజ ఆరాధనకని వాళ్లమ్మాయి ఇంట్లో కూర్చుని, తాను సాధన చేసిన కీర్తన ఒకటి పాడింది. తోడు తంబురా ఒక్కటే. దానికి, వేరే గాయని ఆల్బమ్‌లోని అదే కీర్తన పేరుతో క్లెయిమ్ వచ్చింది. కంటెంట్ ఐడీ రికార్డింగునే కాదు, బాణీ పోలికనూ పట్టగలదు. ఒకే కీర్తనను ఒకే పాఠంతో పాడితే పోలిక రాక ఏమవుతుంది?

ఇక్కడ ఒక విషయం నిదానంగా చూడాలి. పాటలో సాహిత్యం, సంగీతం, రికార్డింగు అని మూడుంటాయి. వేటి హక్కు వాటిదే. సాహిత్యానికీ సంగీతానికీ కర్త జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. రికార్డింగుకు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. త్యాగయ్య 1847లో సిద్ధి పొందారు. సాహిత్యం, సంగీతం రెండూ ఆయనవే కనుక అవి ఇప్పుడు అందరివీ. అమ్మాయి పాడిన రికార్డింగు మా వాళ్లదే. ఆ కంపెనీ హక్కు దాని ఆల్బమ్ రికార్డింగు మీద ఉంది, ఈ వీడియోలో అందులో ముక్కయినా లేదు.

అన్నమయ్య దగ్గరికి వచ్చేసరికి ఇదే తర్కం పట్టుకుంటే దెబ్బతింటాం. ఆయన మాటలు రాగిరేకుల మీద దొరికాయి గానీ, ఈరోజు మనం వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో కన్నుమూశారు. వారు కట్టిన బాణీల మీద సంగీత హక్కు ఇంకా ఉంది. మాటలు అయిదు వందల ఏళ్లనాటివి కదా అని పాడేముందు, ఈ బాణీ ఎవరిదని గురువుగారిని అడగాలి.

త్యాగయ్య వీడియో మీద మాత్రం వివాదం వేయమన్నాను, అదీ వెంటనే. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు వేస్తే మొదటి రోజు నుంచీ వచ్చిన డబ్బును యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుతుంది, తేలాక గెలిచినవారికి ఇస్తుంది. ఆలస్యమైతే వివాదం వేసిన రోజు నుంచే ఉంచుతుంది. వాడు మూడో రోజున వేశాడు. కారణంగా `Public domain` ఎంచుకుని, కృతికర్త ఎవరు, ఏ సంవత్సరంలో గతించారు, పాడినది ఎవరు, ఎక్కడ రికార్డు చేశారు, తంబురా తప్ప వేరే వాద్యం లేదు అని నాలుగు వాక్యాలు రాశాడు. కోపం, బతిమాలడం రెండూ లేవు. అది చదివేది క్లెయిమ్ వేసిన కంపెనీయే.

వాళ్లకు 30 రోజుల గడువు. బదులివ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. తిరస్కరిస్తే మనం అప్పీలు చేయవచ్చు, దానికి వాళ్లకు 7 రోజులు. అప్పీలుకు మన పేరు, చిరునామా ఇవ్వాలి. అక్కడా వాళ్లు ఒప్పుకోకపోతే వీడియో తీయించవచ్చు, అప్పుడు పడేది స్ట్రైకే. అందుకే చేతిలో నిజమైన ఆధారం ఉన్నవాళ్లే అంతదూరం వెళ్లాలి. మా వాడికి ఆ అవసరం రాలేదు. మూడో వారంలో కంపెనీ క్లెయిమ్ వదులుకుంది, పక్కన పెట్టిన డబ్బు వచ్చింది.

అప్పటి నుంచి వాడు వీడియోను ముందు ప్రైవేటుగా ఎక్కించి, యూట్యూబ్ తనిఖీలో ఏమైనా తేలుతుందేమో చూసుకుని తర్వాతే విడుదల చేస్తున్నాడు. తర్వాత కూడా క్లెయిమ్ రావచ్చు గానీ, చాలావరకు అక్కడే బయటపడతాయి. నేపథ్య సంగీతానికి స్టూడియోలోని ఆడియో లైబ్రరీ వాడుతున్నాడు. అందులోనూ కొన్నిటికి కర్త పేరు వివరణలో రాయాలన్న షరతు ఉంటుంది. బయటి సైట్లలో 'ఫ్రీ' అని ఉన్నవి దించుకుంటే, లైసెన్సు పేజీని దించుకున్న తేదీతో సహా దాచుకుంటున్నాడు. అదే ట్యూన్‌ను రేపెవరో తమ పాటలో కలుపుకుని క్లెయిమ్ వేస్తే చూపడానికి ఆ కాగితమే సాక్ష్యం.

పోయిన నెల ఓ గుళ్లో నాదస్వరం మేళం వాళ్లను అడిగి పది నిమిషాలు వాయింపించుకుని రికార్డు చేశాడు. డబ్బిచ్చి, వీడియోల్లో వాడుకోవడానికి సమ్మతి రాయించుకున్నాడు. వాళ్లు ముందు ఓ సినిమా పాట ఎత్తుకున్నారట. అది ఆపించి, త్యాగయ్య కీర్తన వాయించమన్నాడు.