దాచిన పాత క్లెయిమ్ – పోయే బీమా

కారు బీమా పాలసీ కంపెనీ మార్చేటప్పుడు ఒక చిన్న ప్రశ్న అడుగుతారు: గత సంవత్సరం క్లెయిమ్ తీసుకున్నారా? చాలామంది చూడకుండానే ‘లేదు’ అని గుర్తు పెడతారు, లేదా ఏజెంటే పెట్టేస్తాడు. ఆ ఒక్క మాట మీదే నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు ఆధారపడి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం తగ్గుతుంది. మన బండికి జరిగే నష్టానికి కట్టే ‘ఓన్ డ్యామేజ్’ ప్రీమియం మీద మాత్రమే ఈ తగ్గింపు. ఒక్క క్లెయిమ్ తీసుకుంటే మామూలుగా మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయనకు రెండేళ్లు క్లెయిమ్ లేదు. మూడో ఏడాది బంపర్, తలుపు దెబ్బతింటే వర్క్‌షాపు వాళ్లే కాగితాలు పంపి 14,000 రూపాయలు కంపెనీ నుంచి రాబట్టుకున్నారు. చేతికి డబ్బు రాలేదు కాబట్టి అది క్లెయిమ్ అనే ఆయనకు తోచలేదు. (అద్దం ఒక్కటి మార్పించినా క్లెయిమే.) నాలుగో ఏడాది కొత్త కంపెనీకి ‘క్లెయిమ్ లేదు’ అని చెప్పి 35 శాతం తగ్గింపు తీసుకున్నారు. 10,000 కట్టవలసిన చోట 6,500 కట్టారు. వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్లు వచ్చి ఇంజన్ పాడైంది. మరమ్మతు ఖర్చు 1,60,000. కంపెనీ పాత కంపెనీకి రాసి అడిగితే క్లెయిమ్ సంగతి బయటపడింది.

ప్రపోజల్‌లో ఉండే వాక్యం ఇక్కడ పనిచేస్తుంది. బోనస్ గురించి చెప్పింది అబద్ధమని తేలితే ఓన్ డ్యామేజ్ భాగం కింద వచ్చే ప్రయోజనాలన్నీ పోతాయని మనమే ఒప్పుకున్నట్టు అందులో ఉంటుంది. అంటే 3,500 మిగుల్చుకోబోయి 1,60,000 పోగొట్టుకునే పరిస్థితి. ఇతరులకు జరిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ భాగం ఆ వాక్యంలో లేదు.

బోనస్‌కు రుజువు చూపకపోతే కొత్త కంపెనీ 21 రోజుల్లోపు పాత కంపెనీకి రాసి నిర్ధారించుకోవాలని మోటారు టారిఫ్ నిబంధన ఉంది. వాకబు చేయకుండా ఊరుకుని, ప్రమాదం జరిగాక తిరస్కరించిన కంపెనీలను తప్పుబట్టి కొంత సొమ్ము ఇప్పించిన వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. ఏమీ ఇవ్వనక్కరలేదన్నవీ ఉన్నాయి. ఆ వాదన మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం మంచిది కాదని మా అభిప్రాయం.

పాత కంపెనీ పంపే రెన్యువల్ నోటీసులో మీకు రావలసిన బోనస్ శాతం ఉంటుంది. కొత్త పాలసీలో వేసిన శాతంతో దాన్ని పోల్చి చూడండి. ఎక్కువ వేసినట్టు కనబడితే, ప్రమాదం జరగకముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, తేడా ప్రీమియం కట్టి, సరిదిద్దిన ఎండార్స్‌మెంట్ కాగితం తీసుకోండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు మరో సంగతి గమనించాలి: బోనస్ మనిషిది, బండిది కాదు. అమ్మినవారి పేర ఉన్న తగ్గింపు కొన్నవారికి రాదు.