ఏడాది డబ్బు ఒకేసారి, ఆదాయం నెలనెలా

సబ్‌స్క్రిప్షన్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ ఏడాది రుసుమును ముందే వసూలు చేస్తే, ఆ డబ్బు బ్యాంకులో పడిన రోజున ఖాతాల్లో ఆదాయం ఏమీ నమోదు కాదు. డబ్బుతోపాటు కంపెనీ నెత్తిన ఒక బాకీ పడుతుంది: రాబోయే పన్నెండు నెలలూ ఆ సాఫ్ట్‌వేర్‌ను కస్టమర్‌కు అందిస్తూ ఉండాలి. ఈ బాకీనే డిఫర్డ్ రెవెన్యూ అంటారు. బ్యాలెన్స్ షీట్‌లో ఇది అప్పుల వైపు కనిపిస్తుంది. ఒక్కో నెల గడిచేకొద్దీ పన్నెండో వంతు చొప్పున ఈ బాకీ తరిగి, అంతే మొత్తం లాభనష్టాల ఖాతాలోకి ఆదాయంగా చేరుతుంది.

ఇలా నెలనెలా ఎందుకు పంచాలనేది అమ్మిన సరుకు స్వభావాన్ని బట్టి ఉంటుంది. కంపెనీ తన సర్వర్లలో నడిపే సాఫ్ట్‌వేర్‌ను కస్టమర్ ఇంటర్నెట్ ద్వారా వాడుకుంటున్నప్పుడు, అందించడమూ వాడుకోవడమూ రోజూ ఏకకాలంలో జరుగుతాయి. సర్వర్లు ఆపేస్తే కస్టమర్ చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి కాలం గడిచిన మేరకే కంపెనీ తన డబ్బు సంపాదించుకున్నట్టు. అదే సాఫ్ట్‌వేర్‌ను కస్టమర్ తన సొంత కంప్యూటర్‌లో ఎక్కించుకుని, కంపెనీ ప్రమేయం లేకుండా వాడుకునేలా ఏడాది లైసెన్సు అమ్మితే లెక్క మారుతుంది. అక్కడ లైసెన్సు కాపీ చేతికిచ్చి, దాన్ని వాడే గడువు మొదలయ్యాక ఆ లైసెన్సుకు చెందిన మొత్తం ఒకేసారి ఆదాయమవుతుంది. దానితోపాటు ఇచ్చే సహాయ సేవల వాటా మాత్రమే ఏడాది పొడవునా పంచుతారు. రెండు చోట్లా రుసుము ఏడాదిదే, ధర కూడా ఒకటే కావచ్చు. అయినా ఆదాయం నమోదయ్యే తీరు పూర్తిగా వేరు.

ఈ నియమాలను 2014లో అమెరికా ప్రమాణాల సంస్థ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కలిసి ఒక రూపానికి తెచ్చాయి. భారత్‌లో అదే ఇండ్ ఏఎస్ 115 పేరుతో 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ ప్రమాణాల పరిధిలోకి రాని చిన్న కంపెనీలు పాత ఏఎస్ 9 ప్రకారం నడుస్తాయి. ఇలాంటి సేవల విషయంలో అవి తేల్చే లెక్క కూడా దాదాపు ఇదే.

హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్లు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఇస్తోందనుకుందాం. వరంగల్‌లోని ఒక క్లినిక్ అక్టోబర్ 1 నుంచి ఏడాదికి ₹1,20,000 ఒప్పుకుంది. దానిపై 18 శాతం జీఎస్టీ ₹21,600 కలిపి ₹1,41,600 ఆ రోజే చెల్లించింది. బ్యాంకులో పడినది ₹1,41,600 అయినా, డిఫర్డ్ రెవెన్యూ ₹1,20,000 మాత్రమే. జీఎస్టీ ఎన్నటికీ కంపెనీ ఆదాయం కాదు. అది ప్రభుత్వానికి కట్టాల్సిన సొమ్ము. పైగా పన్నును నెలనెలా పంచుకునే వెసులుబాటు లేదు. సేవల మీద ఇన్‌వాయిస్ లేదా డబ్బు, ఏది ముందు వస్తే దాన్ని బట్టి పన్ను మొత్తం కట్టాలి. ఆదాయం వాయిదాల్లో వస్తుంది కదా అని పన్ను కూడా వాయిదాల్లో కట్టవచ్చనుకునే కొత్త వ్యాపారులు వడ్డీ చెల్లించుకోవాల్సి వస్తుంది.

అక్టోబర్ చివర కంపెనీ డిఫర్డ్ రెవెన్యూ నుంచి ₹10,000 తీసి ఆదాయానికి రాస్తుంది. నవంబర్‌లోనూ అంతే. మార్చి 31న ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి ఆరు నెలల ఆదాయం ₹60,000, మిగిలిన బాకీ ₹60,000. ఒప్పందం అక్టోబర్ 11న మొదలై ఉంటే చాలా కంపెనీలు రోజుల లెక్కన పోతాయి: ఆ నెలలో 21 రోజులు, ఏడాదికి 365, అంటే సుమారు ₹6,904. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఇన్‌వాయిస్ తేదీ కాదు, కస్టమర్‌కు సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి దారి తెరిచిన తేదీ.

అదే సాఫ్ట్‌వేర్‌ను నెలకు ₹12,000 చొప్పున కూడా అమ్ముతున్నారనుకుందాం. ఏడాదికి ముందే కడితే రెండు నెలలు ఉచితమన్నమాట. నెలనెలా కట్టే క్లినిక్ వల్ల కంపెనీకి నెలకు ₹12,000 ఆదాయం వస్తుంది, డిఫర్డ్ రెవెన్యూ దాదాపు ఉండదు. ఏడాదికి కట్టిన క్లినిక్ వల్ల వచ్చే ఆదాయం నెలకు ₹10,000 మాత్రమే. అంటే నగదు ముందే చేతికి రావడానికి కంపెనీ తన ఆదాయంలో ఆరో వంతు వదులుకుంటోంది. పెరుగుతున్న కంపెనీలు ఈ బేరానికి ఎందుకు ఒప్పుకుంటాయో, దాని వెనుక ఉన్న ప్రమాదమేమిటో ఒక్క కస్టమర్‌ను చూస్తే తెలియదు. కంపెనీ మొత్తాన్ని చూడాలి.

ఈ కంపెనీ కొత్తగా మొదలై, ప్రతి నెలా ఒకటో తేదీన పది కొత్త క్లినిక్‌లను చేర్చుకుంటోందని, అన్నీ ఏడాది డబ్బు ముందే కడుతున్నాయని అనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి పన్నును పక్కన పెడదాం. జీతాలు, సర్వర్లు, అద్దె కలిపి ఖర్చు నెలకు ₹9 లక్షలు. ప్రతి నెలా చేతికి వచ్చే నగదు ₹12 లక్షలు. కానీ మొదటి నెల ఆదాయం ₹1 లక్ష, రెండో నెల ₹2 లక్షలు, అలా పెరుగుతూ పన్నెండో నెలకు ₹12 లక్షలు. ఏడాది మొత్తానికి నగదు ₹144 లక్షలు రాగా, ఆదాయం ₹78 లక్షలే. తేడా ₹66 లక్షలు డిఫర్డ్ రెవెన్యూగా నిలిచి ఉంటుంది. ఏడాది ఖర్చు ₹108 లక్షలు కాబట్టి లాభనష్టాల ఖాతాలో ₹30 లక్షల నష్టం. బ్యాంకులో మాత్రం ₹36 లక్షల మిగులు. రెండు అంకెలూ నిజమే.

రెండో ఏడాది కొత్త క్లినిక్‌లు చేరడం ఆగిపోయి, పాతవాటిలో సగమే కొనసాగాయనుకుందాం. నగదు ఒక్కసారిగా నెలకు ₹6 లక్షలకు పడిపోతుంది. ఆదాయం అలా పడిపోదు. గత ఏడాది డబ్బు కట్టిన క్లినిక్‌ల గడువు ఇంకా నడుస్తూనే ఉంటుంది కనుక మొదటి నెల ₹11.5 లక్షలు, రెండో నెల ₹11 లక్షలు, అలా మెల్లగా జారుతూ పన్నెండో నెలకు ₹6 లక్షలకు వస్తుంది. ఏడాది ఆదాయం ₹105 లక్షలు. ఖర్చు మారలేదు కాబట్టి నష్టం ₹3 లక్షలే. పోయిన ఏడాది ₹30 లక్షల నష్టం, ఈసారి మూడు లక్షలు. లాభనష్టాల ఖాతా ఒక్కటే చూసిన మనిషికి కంపెనీ దారిలో పడుతున్నట్టే ఉంటుంది. కానీ వచ్చిన నగదు ₹72 లక్షలు, పోయింది ₹108 లక్షలు. మొదటి ఏడాది మిగిలిన ₹36 లక్షలూ తుడిచిపెట్టుకుపోయాయి. ఇకపై నెలకు ఆరు లక్షల రాబడితో తొమ్మిది లక్షల ఖర్చు నడపాలి.

ఈ పతనాన్ని ముందుగా పట్టిచ్చేది డిఫర్డ్ రెవెన్యూ. అది ₹66 లక్షల నుంచి ₹33 లక్షలకు తగ్గింది. ఏడాది ఆదాయానికి డిఫర్డ్ రెవెన్యూలో వచ్చిన పెరుగుదలను కలిపితే, లేదా తరుగుదలను తీసేస్తే, ఆ ఏడాది వేసిన బిల్లుల మొత్తం వస్తుంది. మొదటి ఏడాది 78కి 66 కలిపితే 144. రెండో ఏడాది 105లో 33 తీస్తే 72. కంపెనీ తన బిల్లుల మొత్తాన్ని విడిగా చెప్పకపోయినా, బయటివారు ప్రచురిత ఖాతాల నుంచి ఈ కూడిక తీసివేతలతో దాన్ని దాదాపుగా రాబట్టుకోవచ్చు. ఆదాయం ఇప్పటికే జరిగిన అమ్మకాల ప్రతిధ్వని. బిల్లులు ఈనాటి అమ్మకాలకు దగ్గరగా ఉండే లెక్క.

అయితే ఈ కొలతకూ హద్దులున్నాయి. అమ్మకాలు ఏమీ పెరగకుండానే, ఏడాదికి బదులు రెండేళ్ల డబ్బు ఒకేసారి తీసుకోవడం మొదలుపెడితే డిఫర్డ్ రెవెన్యూ ఉబ్బుతుంది. కస్టమర్లు నెలవారీ చెల్లింపుకు మారితే వ్యాపారం బాగున్నా అది కుంచించుకుపోతుంది. ఋతువుల ప్రభావం కూడా ఉంటుంది. అమెరికాకు చెందిన సేల్స్‌ఫోర్స్‌కు ఆర్థిక సంవత్సరం జనవరి 31న ముగుస్తుంది. ఎక్కువగా ఏడాది బిల్లులే వేసే ఆ కంపెనీ, చివరి త్రైమాసికంలో మిగతావాటికన్నా ఎక్కువ బిల్లులు పంపుతుంది. అందువల్ల దాని జనవరి అంకెను అంతకుముందరి అక్టోబర్ అంకెతో పోలిస్తే లేని ఎదుగుదల కనిపిస్తుంది. పోల్చాల్సింది నిరుటి జనవరితో.

ఇంకో పరిమితి, డిఫర్డ్ రెవెన్యూలోకి బిల్లు వేసిన మొత్తమే వస్తుంది. మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుని ఏటా బిల్లు వేస్తే, మొదటి ఏడాది సొమ్మే అక్కడ కనిపిస్తుంది. మిగతా రెండేళ్లది ఖాతాల వెనుక జతచేసే వివరణల్లో, ఇంకా నెరవేర్చాల్సిన ఒప్పందాల మొత్తంగా చెబుతారు. 2024 జనవరి 31 నాటికి సేల్స్‌ఫోర్స్ డిఫర్డ్ రెవెన్యూ సుమారు 1,900 కోట్ల డాలర్లు. ఒప్పందాల్లో ఇంకా ఆదాయంగా మారాల్సిన మొత్తం సుమారు 5,690 కోట్ల డాలర్లు. అంత తేడా రావడానికి కారణం ఇంకా బిల్లు వేయని సంవత్సరాలే.

తప్పులు ఎక్కువగా జరిగేది మొదటి మెట్టులోనే. మార్చి 30న ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సేవకు ఇన్‌వాయిస్ పంపి, కస్టమర్ డబ్బు కట్టకముందే ఒకవైపు రావాల్సిన బాకీగానూ, మరోవైపు డిఫర్డ్ రెవెన్యూగానూ రాసేయడం మామూలుగా కనిపించే పొరపాటు. ఒప్పందం రద్దు చేసుకునే వీలుండి, డబ్బుపై కంపెనీకి ఇంకా షరతుల్లేని హక్కు రానప్పుడు ఆ రెండు వైపులా ఏదీ ఉండకూడదు. అంతకన్నా పెద్ద తప్పు, పంచాల్సిన మొత్తాన్ని ఒప్పందంపై సంతకం చేసిన రోజే ఆదాయంగా రాసుకోవడం. మైక్రోస్ట్రాటజీ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ 2000 మార్చి 20న తన పాత ఖాతాలను సవరిస్తున్నట్టు ప్రకటించింది. కాలక్రమంలో రావాల్సిన ఆదాయాన్ని ముందే నమోదు చేసినట్టు తేలడంతో, లాభాలుగా చూపిన సంవత్సరాలు నష్టాలయ్యాయి. దాని షేరు ఆ ఒక్క రోజే సగానికి పైగా పడిపోయింది.

ఆడిటర్లు ఈ తప్పులను పట్టుకోవడానికి ఒప్పందాల వారీ పట్టిక అడుగుతారు. ప్రతి వరుసలో కస్టమర్, సేవ మొదలైన తేదీ, ముగిసే తేదీ, బిల్లు, ఇప్పటివరకు ఆదాయంగా రాసినది, మిగిలినది ఉంటాయి. మిగిలినవాటి మొత్తం జనరల్ లెడ్జర్‌లోని డిఫర్డ్ రెవెన్యూ నిల్వతో పైసాతో సహా సరిపోవాలి. గడువు ముగిసినా మిగులు చూపే వరుసలు, రుణాత్మకంగా మారిన వరుసలు, మధ్యలో ప్లాన్ మార్చుకున్న కస్టమర్లకు రెండుసార్లు నమోదైన వరుసలు ముందు బయటపడతాయి. ఆ తర్వాత కొన్ని ఒప్పందాలను ఎంచుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఆ కస్టమర్ ఖాతా నిజంగా ఏ రోజున తెరుచుకుందో ఆ తేదీతో పట్టికలోని తేదీని సరిచూస్తారు.