రెండూ మూడూ కలిసి ఆరా, అయిదా?

ఒక బహుపదిలో x ఉన్న ప్రతి చోటా మరో బహుపదిని మొత్తంగా తెచ్చి ప్రతిక్షేపిస్తే వచ్చేది సంయుక్త బహుపది. f(x) = x² + 1, g(x) = x³ − 2x అనుకుంటే, f లోని x స్థానంలో g ని ఉంచగా వచ్చేదాన్ని f(g(x)) అని రాస్తారు. ఇంటర్మీడియట్ గణితంలో ప్రమేయాల పాఠం చదివినవారికి ఇది fog అనే పేరుతో పరిచయం. మధ్యనున్నది ఓ అనే అక్షరం కాదు, చిన్న సున్నా గుర్తు: f∘g. తొందరలో రాసేటప్పుడు ఆ సున్నా చుక్కగా మారిపోతుంది, చుక్కంటే గుణకారం. పొరపాటుకు బీజం చాలాసార్లు ఇక్కడే పడుతుంది.

గుణకారంలో f, g రెండింటికీ ఒకే x అందుతుంది. రెండూ విడివిడిగా పనిచేసి చెరొక సంఖ్యనూ ఇస్తాయి, ఆ రెండు సంఖ్యలనూ గుణిస్తారు. సంయుక్తంలో x ముట్టేది g కి మాత్రమే. g నుంచి వచ్చిన ఫలితమే f చేతికి వెళుతుంది. అసలు x ఎంతో f కి తెలియదు. బియ్యం మరకు వెళ్లి పిండవడం, ఆ పిండి పెనం మీద రొట్టె అవడం లాంటి వరస ఇది. పెనం దాకా బియ్యం రాదు.

పై రెండు బహుపదులతోనే లెక్క చేసి చూడవచ్చు. f చేసే పని తనకు అందినదాన్ని వర్గం చేసి 1 కలపడం. అందినది x³ − 2x కనుక

f(g(x)) = (x³ − 2x)² + 1 = x⁶ − 4x⁴ + 4x² + 1.

గుణిస్తే మాత్రం

f(x)·g(x) = (x² + 1)(x³ − 2x) = x⁵ − x³ − 2x.

రెండింటికీ పోలికే లేదు. ఒకదాని పరిమాణం 6, రెండోదానిది 5. బహుపదిలో చలరాశికి ఉన్న అత్యధిక ఘాతాంకమే పరిమాణం. గుణకారంలో పరిమాణాలు కూడుకుంటాయి, 2 + 3 = 5. సంయుక్తంలో పరిమాణాలు గుణించుకుంటాయి, 2 × 3 = 6. తికమకకు ఇదొక విచిత్రమైన కారణం: బహుపదులను గుణించేటప్పుడు పరిమాణాలను కూడాలి, బహుపదులను గుణించనప్పుడు పరిమాణాలను గుణించాలి!

ఇలా ఎందుకు జరుగుతుందో ఘాతాంకాల సూత్రాలే చెబుతాయి. x² ను x³ తో గుణిస్తే మొత్తం అయిదు x లు పక్కపక్కన చేరతాయి. x³ ను వర్గం చేస్తే మూడేసి x లున్న కట్టలు రెండు వస్తాయి, మొత్తం ఆరు. ఇక మిగతా పదాల సంగతి. f పరిమాణం m, g పరిమాణం n అయితే, f లోని మొదటి పదం axᵐ, g లోని మొదటి పదం bxⁿ కలిసి a·bᵐ·xᵐⁿ అనే పదాన్ని పుట్టిస్తాయి. f లో మిగిలిన పదాలన్నిటిలో ఘాతాంకం m కంటే తక్కువే కాబట్టి, వాటి నుంచి వచ్చేవి n(m − 1) ఘాతాన్ని దాటవు. అంటే xᵐⁿ ను రద్దు చేయగల పదం మరొకటి లేదు. A, b సున్నా కాని సంఖ్యలు కనుక a·bᵐ కూడా సున్నా కాదు.

గుణకాలు మామూలు సంఖ్యలైనంత వరకే ఈ చివరి మాట నిలుస్తుంది. 4 తో భాగించగా మిగిలే శేషాలను మాత్రమే లెక్కలోకి తీసుకునే అంకగణితంలో 2 × 2 = 0. అక్కడ f(x) = 2x², g(x) = 2x + 1 తీసుకుంటే f(g(x)) = 8x² + 8x + 2. 8 అంటే 0 కనుక మిగిలేది ఒట్టి 2. పరిమాణం 2 రావలసిన చోట x జాడే లేదు. మామూలు సంఖ్యల్లోనూ ఒక చిన్న మినహాయింపు ఉంది. f(x) = x² − 9 లో g గా స్థిర సంఖ్య 3 ను ఉంచితే శూన్య బహుపది వస్తుంది, దానికి పరిమాణమే చెప్పరు.

వరస మారితే ఏమవుతుంది? గుణకారంలో ఏమీ కాదు. సంయుక్తంలో g(f(x)) = (x² + 1)³ − 2(x² + 1) = x⁶ + 3x⁴ + x² − 1. పరిమాణం మళ్లీ 6 అయినా బహుపది వేరు. సమాధానం సరిచూసుకోవడానికి ఒక్క విలువ చాలు. x = 2 అయితే g(2) = 4, f(4) = 17; పైన వచ్చిన x⁶ − 4x⁴ + 4x² + 1 లో 2 వేసినా 64 − 64 + 16 + 1 = 17. తిరగేస్తే f(2) = 5, g(5) = 115. లబ్ధమైతే 5 × 4 = 20. మూడు పనులు, మూడు సమాధానాలు. ఇలాంటి పరీక్షకు 0, 1 లను ఎంచుకోకపోవడం మంచిది. వాటి వద్ద వేర్వేరు బహుపదులు కూడా ఒకే విలువ ఇచ్చే అవకాశం ఎక్కువ.

పొరపాటు బయటపడకుండా దాక్కునే చోటు ఒకటుంది. రెండు బహుపదులూ వర్గ బహుపదులైతే కూడినా 4, గుణించినా 4. పరిమాణం చూసి తప్పు పట్టే వీలుండదు. ధన పూర్ణ సంఖ్యల్లో m + n = mn అయ్యే జత ఇదొక్కటే; ఆ సమీకరణాన్ని (m − 1)(n − 1) = 1 అని మార్చి రాస్తే తేలిపోతుంది. పైగా f, g రెండూ x² అయితే సంయుక్తమూ x⁴, లబ్ధమూ x⁴. బోధించేటప్పుడు మొదటి ఉదాహరణగా ఇది ఎంచుకోదగ్గది కాదు. x² + 1, x² − 1 తీసుకున్నా పరిమాణాలు కలుస్తాయి గానీ, f(g(x)) అంటే x⁴ − 2x² + 2, లబ్ధం x⁴ − 1.

రాత పద్ధతి కూడా కొంత దోషే. sin²x అంటే సైన్ విలువకు వర్గం, sin⁻¹x అంటే మాత్రం విలోమ ప్రమేయం. ఈ రెండో గుర్తును జాన్ హెర్షెల్ 1813లో ప్రవేశపెట్టాడు. అక్కడ పైనున్న అంకె గుణకారాన్ని కాదు, ప్రమేయాన్ని మళ్లీమళ్లీ ప్రయోగించడాన్ని సూచిస్తుంది. అందుకే f² అని కనిపిస్తే అది f(f(x)) నా, f(x)·f(x) నా అన్నది ఆ పుస్తకం ఎలా నిర్వచించిందో చూసే తేల్చుకోవాలి. తేడా చిన్నది కాదు. x² − 2 ను పదిసార్లు గుణిస్తే పరిమాణం 20. పదిసార్లు ఒకదానిలో ఒకటి ఉంచుకుంటూ పోతే 2¹⁰, అంటే 1024.

ఇదంతా వెనక్కు నడిపిస్తే మరో విషయం బయటపడుతుంది. x⁴ − 5x² + 4 = 0 ను సాధించమంటే x² = y అనుకుని y² − 5y + 4 = 0 గా మార్చడం బడిలో నేర్పే ఉపాయమే. పేరు చెప్పకపోయినా, సంయుక్త బహుపదిని విడదీయడమే అది. y కి 1, 4 వస్తాయి, x కి ±1, ±2. అదే బహుపదిని (x² − 1)(x² − 4) అనే లబ్ధంగానూ రాయవచ్చు. కానీ పై x⁵ − x³ − 2x కు ఆ రెండో దారి ఒక్కటే ఉంది. అది x² + 1, x³ − 2x ల లబ్ధం. అయితే 5 ప్రధాన సంఖ్య కనుక దాన్ని చిన్న పరిమాణాలున్న రెండు బహుపదుల సంయుక్తంగా ఎవరూ విడదీయలేరు. విడదీయడానికి వీలున్న బహుపదులు ఎన్ని రకాలుగా విడిపోతాయన్న ప్రశ్నకు జోసెఫ్ రిట్ 1922లో సమాధానం చెప్పాడు. ఆ వ్యాసానికి ఆయన పెట్టిన శీర్షిక ప్రధాన, సంయుక్త బహుపదుల గురించే.