వాంతులు ఆగిన పూటే వంటింట్లోకి రావచ్చా?

చిలమత్తూరు మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర, హైవే పక్కన ఒక హోటల్ ఉందనుకుందాం. చట్నీ రుబ్బే ఆమెకు సోమవారం రాత్రి వాంతులు, బేదులు. మంగళవారం ఉదయం ఆరుకు తగ్గాయి. కూలి పోతుందని సాయంత్రానికి పనిలోకి వస్తుంది. నోరోవైరస్ కోరుకునేది సరిగ్గా ఇదే.

అపోహ: వాంతులు ఆగితే జబ్బు పోయినట్టే.

వాస్తవం: ఒళ్లు తేలికపడినా మలంలో వైరస్ రెండు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం పడుతూనే ఉంటుంది. తగ్గిన మొదటి రెండు రోజుల్లో ముప్పు మరీ ఎక్కువ. ఇంకొకరికి అంటడానికి కంటికి కనిపించని కొద్ది పదుల వైరస్ కణాలే చాలు. మన ఆహార భద్రతా నిబంధనల్లోని షెడ్యూల్ 4 ప్రకారం వాంతులు, విరేచనాలు ఉన్నవాళ్లు ఆహారం ముట్టకూడదు, యజమానికి వెంటనే చెప్పాలి. మరి తగ్గాక ఎన్ని గంటలు పనికి దూరంగా ఉండాలి? అమెరికా ఫుడ్ కోడ్‌లో మామూలు వాంతులు, విరేచనాలైతే తగ్గాక 24 గంటలు. నోరోవైరస్ అని తేలితే 48 గంటలు. బ్రిటన్‌లో కారణం తేలకపోయినా 48 గంటలే. పల్లె హోటల్‌లో మలపరీక్ష ఎవరు చేయిస్తారు? కాబట్టి 48 గంటలే లెక్క పెట్టుకోవాలి. లెక్క మొదలయ్యేది జబ్బు వచ్చిన దగ్గర నుంచి కాదు, చివరి వాంతి లేదా విరేచనం నుంచి. అంటే ఆమె గురువారం ఉదయం ఆరు తర్వాతే రావాలి. ఆ రెండు రోజుల కూలి యజమాని ఇస్తేనే ఈ నియమం నిలుస్తుందని నా గట్టి నమ్మకం.

అపోహ: శానిటైజర్ రాస్తే సరిపోతుంది.

వాస్తవం: కొవ్వు పొర ఉన్న కరోనా వైరస్‌ను ఆల్కహాల్ చంపగలదు. నోరోవైరస్‌కు ఆ పొర లేదు, ఆల్కహాల్‌కు సరిగా లొంగదు. దాన్ని సబ్బుతో రుద్ది, నీళ్లతో కడిగి వదిలించాల్సిందే.

అపోహ: నీళ్ల కరువున్న మా ఊళ్లో ఇదంతా కుదరదు.

వాస్తవం: ఖర్చయ్యేది కడిగేటప్పుడు కాదు, కుళాయి వదిలేసినప్పుడు. చేతులు తడిపి కుళాయి కట్టేయాలి. సబ్బుతో పదిహేను సెకన్లైనా అరచేతులు, వెనక భాగం, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కింద రుద్దాలి. ఆ తర్వాతే మళ్లీ నీళ్లు. బొటనవేళ్లు, గోళ్లే ఎక్కువమంది మరిచేవి. అందరూ చేతులు ముంచే బకెట్, ముట్టుకునే చెంబు వద్దు. కింద కుళాయి ఉన్న డబ్బా మేలు. కడిగిన చేతిని భుజం మీది తువ్వాలుకు తుడిస్తే పడిన శ్రమంతా వృథా.

అపోహ: వేడివేడి వంటలో ఏ క్రిమీ బతకదు.

వాస్తవం: సంగటి బాగా ఉడికితే అందులోని వైరస్ చస్తుంది. చట్నీ, ఉల్లిపాయ ముక్కలు, పెరుగు మళ్లీ పొయ్యి ఎక్కవు కదా. వండాక చెయ్యి తగిలేది వీటికే.

2022 జూన్‌లో కేరళలోని విళింజంలో ఇద్దరు బడి పిల్లలకు ఈ వైరస్ సోకినట్టు తేలింది; అంతకు ముందు ఏడాది వయనాడ్‌లోని పశువైద్య కళాశాలలో పదమూడు మందికి. ల్యాబ్‌కు నమూనాలు పంపారు కాబట్టే దాని పేరు బయటపడింది. మన దగ్గర చాలాసార్లు అది ‘ఫుడ్ పాయిజన్’ అన్న మాటతోనే ముగిసిపోతుంది. తిన్న పన్నెండు నుంచి 48 గంటల్లో ఒకేసారి చాలామందికి వాంతులు మొదలైతే మాత్రం, మందులతో పాటు మల నమూనా తీయమని పీహెచ్‌సీ డాక్టరును అడగండి.