పిన్ను దగ్గర తెగిన ఇయర్‌ఫోన్: అతకాలా, పిన్నే మార్చాలా?

వైరున్న ఇయర్‌ఫోన్ పాడైందంటే చాలాసార్లు పాడయ్యేది చెవిలో పెట్టుకునే భాగం కాదు, పిన్ను మొదట్లో ఉన్న అంగుళం వైరు. పిన్ను గట్టిది, వైరు మెత్తనిది. ఫోను జేబులో ఉండగా కూర్చున్నా వంగినా ఆ రెండూ కలిసే చోటే మడత పడుతుంది. లోపలి రాగి పోగులు వెంట్రుక కంటే సన్నం. రోజూ అదే చోట వంగి వంగి ఒక్కొక్కటే తెగిపోతాయి. పైనున్న రబ్బరు తొడుగు మాత్రం చెక్కుచెదరదు కాబట్టి చూస్తే ఏమీ తెలియదు.

బాగు చేయించాలా, పారేయాలా అన్నది తేల్చే ముందు తెగింది అక్కడేనా అని రూఢి చేసుకోవాలి. ముందుగా వేరే ఫోనులో పెట్టి చూడండి. ఫోను రంధ్రంలో జేబు పీచు ఇరుక్కుని పిన్ను పూర్తిగా దిగకపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. తర్వాత పాట పెట్టి, పిన్నును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, దాన్ని ఆనుకుని ఉన్న రెండు సెంటీమీటర్ల వైరును నెమ్మదిగా అన్ని వైపులకూ వంచండి. శబ్దం వస్తూ పోతూ ఉంటే జబ్బు అక్కడే. రెండు చెవుల వైర్లు చీలే చోటగానీ, చెవి దగ్గరగానీ కదిపినప్పుడు అలా జరిగితే పిన్ను మార్చి లాభం లేదు.

ఎడమ వైరు తెగితే ఎడమ చెవి మూగబోతుంది, కుడిది తెగితే కుడి. రెండింటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ వైరు తెగితే మాత్రం తమాషా జరుగుతుంది. పాటలో గాయకుడి గొంతు మాయమై, వాద్యాలు మాత్రం దూరంగా, డొల్లగా వినిపిస్తాయి. గ్రౌండ్ లేనప్పుడు కరెంటు ఎడమ స్పీకర్లోంచి నేరుగా కుడి స్పీకర్లోకి పోతుంది. అప్పుడు రెండు వైపులా సమానంగా ఉన్నది రద్దైపోయి, తేడాగా ఉన్నదే మిగులుతుంది. గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగానే రికార్డు చేస్తారు కనుక అదే ముందు పోతుంది. మోనోలో రికార్డయిన ఘంటసాల పాట పెడితే రెండు వైపులా ఉన్నదంతా ఒక్కటే కాబట్టి దాదాపు ఏమీ వినపడదు. గ్రౌండ్ తెగిందో లేదో తేల్చుకోవడానికి మీటర్ లేనివాళ్లకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఇక బాగుచేత. అందరికీ మొదట తోచేది, తెగిన చోట కోసి, రెండు కొనలూ చెక్కి, మెలిపెట్టి టేపు చుట్టడం. కరెంటు వైరుకు పనికొచ్చే ఈ పద్ధతి ఇక్కడ పని చేయదు. ఇయర్‌ఫోన్ పోగుల్లో ప్రతిదానికీ రంగు ఎనామిల్ పూత ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మెరిసేది ఆ పూతే. అది విద్యుత్తును పోనివ్వదు. ఎంత గట్టిగా మెలిపెట్టినా పూతకు పూత తగులుతుందే తప్ప రాగికి రాగి తగలదు.

సరే, టేపు వద్దు, సోల్డరింగే చేద్దామంటే, పిన్ను వైపు అతకడానికి వైరు మిగలదు. తెగింది సరిగ్గా రబ్బరు అచ్చు అంచులోనో, దాని లోపలో. రబ్బరును బ్లేడుతో చెక్కి లోపలి లోహపు కాళ్లను బయటపెట్టవచ్చు కానీ, వాటిని విడదీసి పట్టుకున్నది మెత్తని ప్లాస్టిక్. వేడి తగలగానే అది కరిగి కాళ్లు జరుగుతాయి, ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఎలాగో అతికించినా ఇంకో చిక్కుంది. కరిగిన సోల్డర్ పోగుల వెంట కొంత దూరం పాకి వాటిని పుల్లలా బిగుసుకునేలా చేస్తుంది. ఆ బిగుసు ఎక్కడ ముగుస్తుందో అక్కడ మళ్లీ తెగుతుంది. రోజూ వంగే చోటే అతుకు వేస్తే అది నెలలు నిలవదు. అందుకే పాత పిన్నునే నిలబెట్టే ప్రయత్నం వద్దంటాను, షాపువాడు చేస్తానన్నా సరే.

మిగిలేవి రెండు దారులు. కొత్త పిన్ను వేయడం, లేదా వేరే పాడైన ఇయర్‌ఫోన్ నుంచి పిన్నుతో పాటు జానెడు వైరు కోసి తెచ్చి, వంపు పడని చోట అతకడం. రెండోది మొదటిసారి చేసేవాళ్లకు కొంత సులువు. ఇరుకైన పిన్ను లోపల పని చేయక్కర్లేదు. అతుకులన్నీ ఒకే చోట రాకుండా ఒక్కో వైరును ఒక్కో పొడవులో కోసి అతికి, విడివిడిగా సన్నని హీట్ ష్రింక్ గొట్టాలు తొడిగి, చివర అన్నిటి మీదా ఒక పెద్ద గొట్టం వేస్తే చాలు. కాకపోతే వైరు మధ్యలో ఒక బుడిపె మిగులుతుంది. పైగా తెచ్చిన వైరు పిన్ను దగ్గర ఎంత అరిగి ఉందో తెలియదు.

కొత్త పిన్ను ఎలా వేస్తారో మా అక్క కూతురి ఇయర్‌ఫోన్‌తో చెబుతాను. పన్నెండు వందలు పెట్టి కొన్నది, మైకు ఉన్నది. కుడి చెవి వస్తూ పోతూ ఉంది. పిన్ను మీద నల్లని గీతలు లెక్కపెడితే మూడున్నాయి. రెండు గీతలుంటే పాటలకు మాత్రమే, మూడుంటే మైకుకు కూడా అని అర్థం. కొనే ముందు చూడాల్సింది ఇదే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో మరతో విప్పే లోహపు తొడుగున్న 3.5 మిల్లీమీటర్ల పిన్నులు రెండు రకాలూ దొరుకుతాయి. మామూలు రకానికి పదుల రూపాయల్లోనే అవుతుంది. వైరు సన్నం కాబట్టి తొడుగు రంధ్రం సన్నగా ఉన్నది ఎంచుకోవాలి.

పాత పిన్నుకు మూడు సెంటీమీటర్ల పైన వైరు కోసేశాం. సగం తెగిన పోగులు కొంత పైదాకా ఉంటాయి కాబట్టి పొడవు కోసం ఆశపడకూడదు. తొడుగు చెక్కితే నాలుగు పోగుల కట్టలు బయటపడ్డాయి: ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగు, నీలం. మామూలుగా ఎరుపు కుడిది, ఆకుపచ్చ ఎడమది, రాగి రంగు గ్రౌండ్, మిగిలింది మైకు. కానీ తయారీదారులందరూ ఈ రంగులే పాటిస్తారన్న హామీ లేదు. నీలమే ఎడమ వైరైన ఇయర్‌ఫోన్లూ ఉన్నాయి. అందుకని కొలిచి చూడటమే మేలు.

కొలవాలంటే ముందు పూత పోవాలి. సోల్డరింగ్ ఐరన్ మొన మీద లెడ్డు చుక్క కరిగించి, పోగు కొనను అందులో కొన్ని సెకన్లు ముంచి ఉంచాలి. సన్నని పొగ లేచి, రంగు పోయి, కొన వెండిలా మెరిస్తే పూత కాలిపోయినట్టు. లెడ్డు ఉండలు కట్టి జారిపోతుంటే ఇంకా కాలలేదని. ఆ పొగ మంచిది కాదు, కిటికీ దగ్గర చేయండి. లైటర్‌తో కాల్చేవాళ్లున్నారు గానీ, అంత సన్నని రాగి మంటలో క్షణంలో పెళుసెక్కుతుంది. పోగుల మధ్య బలానికి వేసిన దారం ఉంటే దాన్ని ముందే కత్తిరించాలి, లేకపోతే లెడ్డు అంటనివ్వదు.

ఇప్పుడు మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి చూస్తే ఎరుపుకూ రాగికీ మధ్య 17, ఆకుపచ్చకూ రాగికీ మధ్య 17, ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య 33 చూపించింది. ఒక్కో స్పీకరు 16 ఓమ్‌లది. ఎక్కువ చూపించే జంట ఎడమా కుడీ, మిగిలింది గ్రౌండ్. రంగులేవైనా ఈ లెక్క తప్పదు. మీటర్ తగిలించినప్పుడు ఏ చెవిలో చిటుక్కుమంటే ఆ వైరు ఆ చెవిదే. నీలాన్ని రాగితో కలిపి కొలుస్తూ మైకు మధ్య బటన్ నొక్కితే అంకె సున్నా దగ్గరికి పడిపోయింది, కాబట్టి అది మైకు వైరు. మైకు లేని ఇయర్‌ఫోన్లలో కొన్నిటికి రాగి రంగువి రెండుంటాయి, ఆ రెండూ గ్రౌండ్‌వే, కలిపి ఒకేచోట అతకాలి.

అసలు సోల్డరింగ్‌కు ముందు చేయాల్సిన పని ఒకటుంది. పిన్ను లోహపు తొడుగునూ, హీట్ ష్రింక్ గొట్టాన్నీ వైరుకు ఎక్కించుకోవాలి. అతికిన తర్వాత అవి ఎక్కవు, అంతా ఊడదీసి మళ్లీ చేయాలి. అలాగే కొత్త పిన్నును ఏదైనా పాత సాకెట్లో గుచ్చి పని చేస్తే వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడినా కాళ్లు జరగవు. ఒక్కో కాలి మీద ముందుగా లెడ్డు పూసి ఉంచి, పోగు ఆనించి, ఐరన్‌ను ఒకటి రెండు సెకన్లకు మించి ఉంచకుండా తీసేయాలి. ఇంట్లో పనికి 25 వాట్ల సన్నమొన ఐరన్ సరిపోతుంది.

ఇప్పటి ఫోన్లకు మొన నుంచి వరస ఇది: ఎడమ, కుడి, గ్రౌండ్, మైకు. పాత ఫోన్లు కొన్నిటిలో చివరి రెండూ తారుమారుగా ఉండేవి. మీరు పొరపాటున అలా అతికితే పాట డొల్లగా వినిపిస్తుంది, మైకు బటన్ నొక్కి పట్టుకుంటే సరిగ్గా వస్తుంది. అలా జరిగితే ఆ రెండు వైర్లూ మార్చి అతకండి, స్పీకర్లను అనుమానించక్కర్లేదు.

నాలుగు కాళ్ల పిన్నులో ఇరుకు ఎక్కువ. పక్కపక్క అతుకులు ఆనుకోవడం సర్వసాధారణం. పాటలకే వాడేటట్టయితే నా సలహా వేరు: రెండు గీతల పిన్ను కొని, మైకు వైరు కొనకు టేపు చుట్టి వదిలేయండి. ఫోను దాన్ని మైకు లేని ఇయర్‌ఫోన్‌గా గుర్తించి పాటలు మామూలుగానే వినిపిస్తుంది. బటన్లు మాత్రం పని చేయవు. మా అమ్మాయికి ఫోను మాట్లాడటం ముఖ్యం కాబట్టి నాలుగు కాళ్లదే వేయాల్సి వచ్చింది.

చివర్లో, పిన్నులోని చిన్న రెక్కలను వైరు పై తొడుగు మీద బిగించి నొక్కాలి. లాగితే ఆ బలం రెక్కల మీద పడాలి గానీ అతుకుల మీద పడకూడదు. సన్నని వైరు రెక్కల్లో వదులుగా ఉంటే అక్కడ ముందే ఒక గొట్టం తొడిగి లావు చేయాలి. బయట కూడా రెండు సెంటీమీటర్లు గొట్టం వేస్తే వంపు ఒకే చోట పడకుండా సర్దుకుంటుంది. ఇది వదిలేసిన పిన్ను ఎంత శుభ్రంగా అతికినా త్వరగానే పోతుంది.

ఇంత పని రెండు వందల ఇయర్‌ఫోన్‌కు దండగ. ఐరన్, లెడ్డు, పిన్ను కొనే డబ్బుతో కొత్తదే వస్తుంది. ఐరన్ ఇంట్లో ఉంటే సరదాకు చేయండి, చేయి తిరగడానికి అంతకు మించిన వస్తువు దొరకదు. ఐదారు వందలు దాటినదానికి షాపులో పిన్ను వేయించడం గిట్టుబాటు, వెయ్యి దాటితే తప్పకుండా వేయించాలి. చెవి దగ్గర వైరు ఊడివచ్చే రకమైతే సోల్డరింగ్ జోలికే పోకండి, వైరొక్కటే కొనుక్కోవచ్చు. టైప్-సి పిన్ను ఉన్నదైతే ఆ పిన్నులోనే డిజిటల్ శబ్దాన్ని మార్చే చిప్ ఉండొచ్చు, కాబట్టి అది ఈ పద్ధతికి లొంగదు.

షాపులో చేయిస్తే డబ్బులిచ్చే ముందు అక్కడే పాట పెట్టించుకుని, పిన్ను దగ్గర వైరును నాలుగు వైపులా వంచి చూడండి, ఎడమ కుడీ తారుమారు కాలేదని చూడండి, మైకు ఉంటే ఎవరికైనా ఒక ఫోను చేసి చూడండి.