ఎనిమిదంటే రెండే

కంబోడియాలో అంగ్‌కోర్ ఆలయాలు చూడడానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బస చేసేది సియెమ్ రీప్ ఊళ్లో. పొద్దు గుంకగానే అక్కడి రాత్రి సంతలో దీపాలు వెలుగుతాయి. ఆ సంతలో జరిగినట్టుగా ఒక చిన్న కథ చెబుతాను. మనుషులు కల్పితం, లెక్క మాత్రం నిజం.

రాజమండ్రి నుంచి వెళ్లిన ఒక టీచరమ్మ క్రమాలు అమ్మే కొట్టు ముందు ఆగింది. క్రమా అంటే మన గళ్ల తువ్వాలు లాంటిది. కంబోడియా రైతులు తలకు చుట్టుకుంటారు, మెడలో వేసుకుంటారు, పసిపిల్లలకు ఉయ్యాల కూడా కడతారు. ఆమెకు నచ్చింది ఎర్ర గళ్లది. దానికి వేలాడుతున్న అట్టముక్క మీద 8.000 అని ఉంది. పక్కనే ఉన్న నీలం గళ్లదాని మీద 2.50 అని ఉంది. ఎనిమిది డాలర్లు పోసి తువ్వాలు కొంటామా అనుకుని, ఎర్రదాన్ని మడిచి పెట్టేసి నీలందాన్ని అందుకుంది.

వెంట ఉన్న చెల్లెలి కొడుకు ఆపాడు. "పెద్దమ్మా, నీకు ఎర్రదే కదా నచ్చింది? దాని ధరే తక్కువ."

"ఎనిమిది ఎక్కడ, రెండున్నర ఎక్కడరా?"

"అది ఎనిమిది కాదు, ఎనిమిది వేలు. రియల్స్‌లో రాశారు."

కంబోడియాలో రెండు డబ్బులు పక్కపక్కనే నడుస్తాయి. దీని వెనక పెద్ద కష్టమే ఉంది. 1975లో గద్దెనెక్కిన ఖ్మేర్ రూజ్ పాలకులు డబ్బునే రద్దు చేశారు. వాళ్లు పోయాక, 1980లో రియల్ మళ్లీ వచ్చింది గానీ జనానికి దాని మీద నమ్మకం కుదరలేదు. 1992-93లో ఐక్యరాజ్య సమితి శాంతి దళాలు వచ్చి డాలర్లు ఖర్చుపెట్టాయి. అప్పటినుంచి డాలరు అక్కడ పాతుకుపోయింది. అందుకే ఒకే కొట్టులో ఒక ధర డాలర్లలో, ఇంకొకటి రియల్స్‌లో కనిపించడం వింత కాదు.

టీచరమ్మను తికమక పెట్టింది చుక్క. మనం వేల దగ్గర కామా పెడతాం. అక్కడ చాలామంది చుక్క పెడతారు. చుక్క తరవాత రెండంకెలుంటే అవి సెంట్లు, అంటే ధర డాలర్లలో ఉన్నట్టు. మూడు సున్నాలుంటే అది వేలు, అంటే రియల్స్. రియల్ గుర్తు ៛ పక్కన రాసి ఉంటే అనుమానమే లేదు. చేత్తో రాసిన అట్టల మీద అది ఒక్కోసారి ఉండదు. అప్పుడు అంకె చూపించి "డాలరా, రియలా?" అని అడగడమే.

సంతలో డాలరుకు 4,000 రియల్స్ లెక్క. కాబట్టి మూడు సున్నాలు తీసేసి నాలుగుతో భాగిస్తే డాలర్లు వస్తాయి. 8.000లో మిగిలేది 8, నాలుగో వంతు 2. ఎర్ర క్రమా రెండు డాలర్లు, నీలంది రెండున్నర. రూపాయల్లో చూడాలంటే డాలరును 88 రూపాయలు అనుకుందాం. వెయ్యి రియల్స్ 22 రూపాయలవుతాయి. ఎర్రది 176, నీలంది 220. రూపాయి ధర మారినప్పుడు ఈ 22 కూడా మారుతుంది. ఆ రోజు డాలరు ధరను నాలుగుతో భాగించి ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే సంతంతా తిరగొచ్చు.

ఆమె ఎర్రది కొంది. తరవాత ఆరు వేల రియల్స్‌కు ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలు తీసుకుని అయిదు డాలర్ల నోటిచ్చింది. చేతికి మూడు డాలర్ల నోట్లు, ఒక రెండు వేల నోటు వచ్చాయి. అమెరికా నాణేలు అక్కడ చెల్లవు, డాలరుకు లోపు చిల్లరంతా రియల్సే. సరిపోయిందా అని చూడడానికి ఆమె అంతా రియల్స్‌లోకి మార్చుకుంది. అయిదు డాలర్లంటే 20,000. ఆరు వేలు పోతే 14,000. మూడు డాలర్లకు 12,000, పైన రెండు వేలు. సరిపోయింది. రెండు డబ్బులు కలిసిన చిల్లరను ఇలా ఒకే డబ్బులోకి మార్చి చూసుకోకపోతే తప్పు దొరకదు.

నాలుగు వేల లెక్క చిన్న బేరాలకే. అసలు మారకపు ధర దానికి అటూ ఇటూ కదులుతుంటుంది. అది 4,050 ఉన్న రోజున రెండు డాలర్ల క్రమా మీద తేడా రెండు మూడు సెంట్లు, పట్టించుకోనక్కర్లేదు. అదే వంద డాలర్లు మార్చుకునేటప్పుడు 4,000 చొప్పున తీసుకుంటే 5,000 రియల్స్, అంటే డాలరు పైనే పోతుంది. అందుకని డబ్బు మార్చే కొట్టులో బోర్డు మీది ధరతోనే లెక్క కట్టాలి. చిరిగిన, గీతలున్న డాలరు నోటును అక్కడ చాలామంది తీసుకోరు కాబట్టి, చిల్లరలో అలాంటిది వస్తే అప్పుడే తిరిగిచ్చేయాలి. రియల్స్ దేశం దాటితే మార్చుకోవడం కష్టం. మిగిలిన చిల్లరను బయల్దేరే ముందే టుక్‌టుక్‌లకో, కొబ్బరి బోండాలకో ఖర్చుపెట్టేయడం మంచిది.