లేజర్, పీల్ తర్వాత చర్మం కాలితే

లేజర్‌తో అవాంఛిత రోమాలు తొలగించేటప్పుడు ఆ కాంతిని పీల్చుకునేది మెలనిన్ అనే రంగు పదార్థం. వెంట్రుకలోని మెలనిన్ వేడెక్కితే ఆ వేడికి దాని కుదురు దెబ్బతింటుంది. అయితే చర్మం పైపొరలోనూ మెలనిన్ ఉంటుంది. చామనచాయ, నల్లని చర్మాల్లో అది ఎక్కువ కాబట్టి కాంతిలో కొంత కుదురును చేరకముందే పైపొరలో ఆగి అక్కడే వేడి పుట్టిస్తుంది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్‌తో ఈ ముప్పు ఎక్కువ. 810 దగ్గరి డయోడ్‌తో కొంత తక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ కాంతిని పైపొర మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ముదురు రంగు చర్మానికి అది మిగతావాటికంటే సురక్షితం. ఏ లేజర్ అయినా శక్తి మోతాదు ఎక్కువైనా, చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు సరిగా పనిచేయకపోయినా కాలిన గాయం కావచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. చామనచాయ యువతి ఒకరు ఎండలో బాగా తిరిగి వచ్చిన వారంలోనే కాళ్లకు డయోడ్ లేజర్ చేయించుకున్నారు. అంతకుముందు విడతలో ఇబ్బంది లేదు కాబట్టి ఈసారీ అదే మోతాదు పెట్టారు. కానీ ఎండకు చర్మంలో మెలనిన్ పెరిగింది. పాత మోతాదే ఇప్పుడు ఎక్కువైంది. సాయంత్రానికి మంట తగ్గలేదు. మర్నాటికి పిక్కల మీద పరికరం మొన ఆకారంలోనే చతురస్రపు గుర్తులు వరుసగా తేలాయి, రెండు చోట్ల బొబ్బలు లేచాయి. చర్మం రంగు మారిందని గమనించి చికిత్స వాయిదా వేసి ఉంటే, లేదా చిన్న భాగం మీద ముందుగా పరీక్షించి ఒకటి రెండు రోజులు ఆగి ఉంటే ఈ గాయాలు తప్పేవి.

లేజర్ తర్వాత వెంట్రుకల కుదుళ్ల చుట్టూ చిన్న చిన్న ఎర్రని ఉబ్బులు రావడం మామూలే. కొద్ది గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో అవి తగ్గిపోతాయి. కాలిన గాయం తీరు వేరు. నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. ఎరుపు కుదుళ్ల దగ్గరే ఆగకుండా గుండ్రంగానో, పట్టీలుగానో పరుచుకుంటుంది. చర్మం బూడిద రంగుకు లేదా తెలుపుకు తిరగడం, బొబ్బలు, పెచ్చులు కట్టడం స్పష్టమైన ప్రమాద సూచనలు. చికిత్స జరుగుతుండగానే భరించలేని మంట పుడితే అక్కడే ఆపమని చెప్పాలి.

కాలిందని అనుమానం రాగానే ఆ చోటును 20 నిమిషాల పాటు చల్లని కుళాయి నీటి కింద ఉంచాలి. ఐసు నేరుగా పెడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. టూత్‌పేస్ట్, పసుపు, నిమ్మరసం పూయకూడదు. బొబ్బలను చిదపకూడదు. శుభ్రంగా కడిగి, పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి, అంటుకోని గాజుతో కప్పి వైద్యులకు చూపించాలి.

కెమికల్ పీల్‌లో చర్మాన్ని దెబ్బతీసేది ఆమ్లం. గ్లైకాలిక్ ఆమ్లాన్ని నిర్ణీత సమయానికి తటస్థపరచాలి. ఆలస్యమైతే అది లోతుకు దిగుతుంది. అప్పుడు చర్మం తెల్లబారడం హెచ్చరికే. సాలిసిలిక్ పీల్‌లో కనిపించే తెల్లని పొడి మాత్రం ఆమ్లపు స్ఫటికాలు, అది కాలిన గుర్తు కాదు. పైపై పీల్ తర్వాత రెండు మూడు రోజులకు చర్మం పొట్టులా రాలడం మొదలై దాదాపు వారంలో ముగుస్తుంది. ఆ పొట్టును లాగితే కింది లేత చర్మం చిరిగి మచ్చ పడుతుంది. నొప్పి రోజురోజుకూ పెరగడం, పచ్చిపుండ్లు, చీము, జ్వరం, పెదవుల చుట్టూ నొప్పితో గుంపుగా లేచే నీటి పొక్కులు ఉంటే అదే రోజు వైద్యులను కలవాలి. ఆ పొక్కులు హెర్పిస్ కావచ్చు, దానికి వైరస్ మందులు అవసరం. ఎరుపు వారాల తరబడి పోకుండా దురద పెడుతూ గట్టిపడుతుంటే అది మచ్చకు నాంది కావచ్చు.

నల్ల మచ్చలు వెంటనే కనిపించకపోవచ్చు. వాపు తగ్గే క్రమంలో చర్మం అదనంగా మెలనిన్ తయారుచేయడం వల్ల తరచూ ఒకటి రెండు వారాల తర్వాత అవి బయటపడతాయి. పైపొరలో ఉన్న గోధుమ రంగు మచ్చలు నెలల్లో పలచబడతాయి. లోతుకు దిగి బూడిద, నీలి ఛాయలో ఉన్నవాటికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఎండ తగిలితే రెండూ ముదురుతాయి. అందుకే గాయం మానిన వెంటనే ఎస్పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ మొదలుపెట్టి, ఆరుబయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి రాయాలి. మందుల దుకాణంలో దొరికే స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములను సొంతంగా వాడితే చర్మం పలచబడి, మొటిమలు, ఎర్రదనం అదనంగా వస్తాయి. మచ్చలు తగ్గించే మందులను గాయం పూర్తిగా మానాక చర్మ వైద్యుల సలహాతోనే వాడాలి. మచ్చలు ఉన్న చోట మళ్లీ లేజర్ గానీ పీల్ గానీ వైద్యులు చూసి సరేననే వరకూ చేయించుకోకూడదు.